రెండు వారాలు ఆలస్యమైన సరఫరా: ఫౌండ్రీకి మెయిల్ ఎలా రాయాలి?

ప్రశ్న: జీడిమెట్లలో పంపుసెట్లు తయారు చేసే ఒక కర్మాగారంలో కొనుగోళ్లు చూస్తున్నాను. విజయవాడ వైపు ఉన్న ఫౌండ్రీ నుంచి మెషినింగ్ పూర్తయిన 1,200 పంపు కేసింగ్‌లు జనవరి 5న రావాలి. ఈరోజు 19, సోమవారం. ఫోన్ చేసినప్పుడల్లా "రెండు రోజుల్లో పంపేస్తాం సార్" అంటున్నారు. స్టాకులో 340 ఉన్నాయి, అందులో 25 బ్లోహోల్స్ అనుమానంతో పక్కన పెట్టారు. లైన్ రోజుకు 60 వాడుతుంది. ఒక్కోటి 6 కిలోలు, ధర రూ. 640. ఆలస్యానికి వారానికి అర శాతం, గరిష్ఠంగా 5 శాతం కోత అని ఆర్డరులో ఉంది. వాళ్ల నవంబరు బిల్లు రూ. 2,88,000 మా దగ్గర పెండింగ్‌లో ఉంది. ఘాటుగా మెయిల్ పెట్టమని మా మేనేజరు గారు అంటున్నారు. కానీ ఈ కేసింగ్ ప్యాటర్న్ వాళ్ల దగ్గరే ఉంది, సంబంధం చెడకూడదు. ఎలా రాయాలి?

జవాబు:

మెయిల్ రాయడానికి కూర్చునే ముందు, మీ లైన్ ఏ రోజు ఏ పూట ఆగుతుందో కాగితం మీద లెక్క వేసుకోండి. మీరిచ్చిన అంకెలతోనే చూద్దాం. పక్కన పెట్టిన 25 తీసేస్తే ఈ ఉదయం వాడకానికి పనికొచ్చేవి 315. సోమవారం నుంచి శుక్రవారం వరకు ఐదు రోజులకు 300 పోతాయి, కాబట్టి 24వ తేదీ శనివారం ఉదయానికి 15 మిగులుతాయి. ఎనిమిది గంటల షిఫ్టులో అవి రెండు గంటలకు సరిపోతాయి. అంటే సరుకు రాకపోతే శనివారం ఉదయం, షిఫ్టు మొదలైన రెండు గంటలకు మీ లైన్ ఆగిపోతుంది.

అయితే సరుకు శనివారం గేటు దగ్గరికి వస్తే సరిపోదు. వచ్చిన కేసింగ్‌లను కొలిచి చూడాలి, శుభ్రం చేయాలి, ప్రైమర్ వేయాలి. వీటికి ఒకటిన్నర రోజు పడుతుందనుకుంటే లారీ గురువారం 22 ఉదయానికి మీ గేటులో ఉండాలి. విజయవాడ నుంచి రాత్రి ప్రయాణమే కనుక బుధవారం 21 రాత్రి అక్కడ లోడింగ్ జరగాలి. మీ మెయిల్‌లో అన్నిటికంటే ముఖ్యమైన తేదీ ఇదే. జనవరి 5 గడిచిపోయింది. దాని గురించి ఎన్ని పేరాలు రాసినా శనివారానికి ఒక్క కేసింగ్ కూడా రాదు. బుధవారం రాత్రి మాత్రం ఇంకా మీ చేతిలోనే ఉంది.

ఇదే లెక్క మరొక విషయం కూడా చెబుతుంది. లైన్ ఆగకుండా ఉండడానికి మీకు 1,200 అవసరం లేదు. శనివారానికి కావలసింది 45. సోమవారం 26 గణతంత్ర దినోత్సవ సెలవు. మంగళ, బుధవారాలకు 120. మొత్తం 165, తిరస్కరణకు 15 కలుపుకుంటే 180. ఇన్ని కేసింగ్‌ల బరువు 1,080 కిలోలు, అంటే టన్నుకు కాస్త ఎక్కువ. ఒక పికప్ వ్యానులో వచ్చే సరుకు ఇది. చాలా ఫౌండ్రీలు లారీ నిండేదాకా సరుకును ఆపుకుంటాయి, మనం కూడా "ఆర్డరు మొత్తం ఎప్పుడు పంపుతారు" అనే అడుగుతుంటాం, అందువల్ల తయారైన రెండు వందలు కూడా వాళ్ల షెడ్డులోనే పడి ఉంటాయి. మొదటి విడతకు 180 చాలునని చెప్పడం వాళ్లకు చేయగలిగిన పనిని చూపించడం. 1,200 వెంటనే కావాలని అడిగితే వాళ్లకు మిగిలేది మళ్లీ "రెండు రోజుల్లో" అనే జవాబే.

తరువాత మీ వైపు లోపాలు చూసుకోవాలి. ఇక్కడ మొహమాటం లేకుండా చెప్పవలసిన విషయం ఆ నవంబరు బిల్లు. మీ సరఫరాదారు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా ఉద్యమ్ నమోదు పొందినవారైతే, 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం 15వ సెక్షన్ ప్రకారం, రాతపూర్వకంగా ఎంత గడువు ఒప్పుకున్నా, సరుకు స్వీకరించిన 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలి. ఆ గడువు దాటితే 16వ సెక్షన్ ప్రకారం రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, నెలవారీ చక్రవడ్డీతో, మీ మీద పడుతుంది. నవంబరులో తీసుకున్న సరుకుకు ఆ గడువు దాటిపోయింది. "మీరు రెండు వారాలు ఆలస్యం చేశారు" అని మీరు రాసిన మరుక్షణం ఆ బిల్లు నంబరు వాళ్ల జవాబులో కనిపిస్తుంది, ఆ తరువాత మీ ఘాటైన మాటలకు బరువు ఉండదు.

ఆ బిల్లే ఆలస్యానికి కారణం కూడా కావచ్చు. ఫౌండ్రీకి పిగ్ ఐరన్, తుక్కు ఇనుము చాలాసార్లు చేతిలో డబ్బు ఉంటేనే వస్తాయి, కరెంటు బిల్లు ఆగదు. చేతిలో డబ్బు తక్కువైనప్పుడు యజమాని ముందుగా డబ్బిచ్చే ఖాతాదారు పని పోయించి, మన పనిని వెనక్కు నెడతాడు. ఈ మాట ఫోన్‌లో నేరుగా చెప్పరు, సంక్రాంతికి మోల్డింగు వాళ్లు ఊళ్లకు వెళ్లారని, కరెంటు సరిగా లేదని అంటారు. అవి నిజమైనా కావచ్చు. అయితే మీ తేదీ జనవరి 5, పండుగ దాని తరువాత వచ్చింది. కాబట్టి మెయిల్ పంపే ముందు అకౌంట్స్ విభాగానికి వెళ్లి, ఆ రూ. 2,88,000 ఏ రోజు జమ చేస్తారో ఒక తేదీ తీసుకోండి. ఆ తేదీని మెయిల్‌లో రాయండి. "సరుకు పంపితేనే డబ్బు ఇస్తాం" అని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ రాయకండి. అది ఇప్పటికే ఇవ్వవలసిన బాకీ. దాన్ని కొత్త సరుకుకు ముడిపెట్టినట్టు మీ అక్షరాల్లో దొరికితే రేపు మీకే ఇబ్బంది.

ఇంకా, డ్రాయింగులో మార్పు ఏదైనా మధ్యలో పంపారా, నమూనా ఆమోదం మీ క్వాలిటీ విభాగం దగ్గర ఆగిందా, పక్కన పెట్టిన ఆ 25 విషయం వాళ్లకు రాతపూర్వకంగా తెలియజేశారా అనేవి కూడా చూసుకోండి. ఇవి పది నిమిషాల పని.

ఇప్పుడు "రెండు రోజుల్లో" అనే మాట సంగతి. ఈ మాట నమ్మాలో వద్దో తెలియడానికి ఒకే ప్రశ్న ఉంది: ఈ ఉదయానికి ఏ దశలో ఎన్ని ఉన్నాయి? కేసింగ్ తయారీలో కోర్లు చేయడం, మోల్డింగ్, పోత, చల్లారిన తరువాత అచ్చు విప్పడం, ఫెట్లింగ్, షాట్ బ్లాస్టింగ్, మెషినింగ్, నీటి ఒత్తిడి పరీక్ష అనే దశలు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. పోత పోసిన ముక్క మర్నాడు కదా ఫెట్లింగుకు వచ్చేది, ఆ తరువాతే మెషిను మీదికి ఎక్కేది. మీ పని ఒక్కటే చూసుకున్నా, పోత నుంచి పరీక్ష ముగిసేదాకా నాలుగైదు రోజులు సులభంగా పడుతుంది. 180 మెషినింగ్ దగ్గర ఉంటే బుధవారం రాత్రి సాధ్యమే. అన్నీ ఇంకా మోల్డింగ్ దగ్గరే ఉంటే, ఆయన ఎంత మంచి మనసుతో మాట ఇచ్చినా బుధవారం రాత్రి అసాధ్యం, ఆ విషయం మీకు శుక్రవారం కాకుండా రేపు ఉదయమే తెలియాలి. "ఎప్పుడు పంపుతారు" అని అడిగితే జవాబుగా మాట వస్తుంది. "ఏ దశలో ఎన్ని" అని అడిగితే అంకెలు వస్తాయి, అంకెలు ఇవ్వలేకపోతే అదే ఒక జవాబు.

మెయిల్‌లో తప్పక ఉండవలసిన మరొక వాక్యం చట్టానికి సంబంధించింది, దీన్ని చాలామంది వదిలేస్తారు. భారత కాంట్రాక్టు చట్టం 1872లోని 55వ సెక్షన్ ప్రకారం, గడువు ఒప్పందంలో కీలకమైనప్పుడు, గడువు దాటిన సరుకును మీరు స్వీకరిస్తే, స్వీకరించే సమయంలోనే "ఆలస్యం వల్ల కలిగిన నష్టం కోరే హక్కు మాకు ఉంది" అని తెలియజేయాలి. అలా తెలియజేయకపోతే ఆ నష్టాన్ని తరువాత కోరలేరు. దీనికి తోడు మరొక ప్రమాదం మన మెయిళ్లలోనే పుడుతుంది. "దయచేసి ఫిబ్రవరి 2లోగా మొత్తం పంపండి" అని ఊరికే రాస్తే, మీరే గడువును ఫిబ్రవరి 2కు పొడిగించారని ఎదుటివారు వాదించవచ్చు. అందుకే, కొత్త తేదీలు నష్టం తగ్గించడానికి అడుగుతున్నవి మాత్రమేనని, ఆర్డరులోని జనవరి 5 మారలేదని ఒక్క వాక్యంలో రాయాలి. ఒక్క వాక్యం చాలు, చట్టం పేరు కూడా అందులో అవసరం లేదు.

ఆ కోత నిబంధనను బెదిరింపుగా వాడుకోవాలని మీ మేనేజరు గారు అనవచ్చు, కనుక దాని విలువ కూడా చూద్దాం. ఆర్డరు విలువ రూ. 7,68,000. వారానికి అర శాతం చొప్పున రెండు వారాలకు ఒక శాతం, అంటే రూ. 7,680. గరిష్ఠం 5 శాతం, రూ. 38,400. ఒప్పందంలో పరిహారం ముందే ఇంతని రాసుకున్నప్పుడు, 74వ సెక్షన్ కింద న్యాయస్థానం ఇప్పించగలిగే పరిహారం ఆ మొత్తాన్ని మించదు. అందువల్ల "లైన్ ఆగితే మా నష్టమంతా మీ దగ్గర వసూలు చేస్తాం" అని రాయడం మీ ఆర్డరుకే విరుద్ధం, ఆర్డరు చదివిన యజమానికి ఆ సంగతి తెలుస్తుంది. రూ. 7,680 కోసం ఆయన తన మెషిన్ల వరస మార్చడు. రూ. 2,88,000 జమ అవుతుందంటే మారుస్తాడు. మొదటి విడత 180కి బిల్లు రూ. 1,15,200 అవుతుంది. దాన్ని సరుకు నాణ్యత తేలిన మూడు రోజుల్లో ఇస్తామని మీ సంస్థ ఒప్పుకుంటే అది కూడా రాయండి. ఒప్పుకోకపోతే రాయకండి.

ఇక ఘాటు విషయం. మెయిల్‌లో కోపం ఉండవలసిన అవసరం లేదు, కానీ గురి తప్పకూడదు. "మీ నిర్లక్ష్యం", "ఇది ఎంతమాత్రం సహించం" వంటి మాటలు చదివిన యజమాని జవాబుగా తన సంజాయిషీ రాస్తాడు, మీకు కావలసిన అంకెలు రాయడు. ప్యాటర్న్ ఆయన దగ్గర ఉన్నప్పుడు ఈ జాగ్రత్త మరింత అవసరం. ప్యాటర్న్ మీ డబ్బుతో చేయించినదైనా సరే, దాన్ని తెచ్చి మరో ఫౌండ్రీలో పెట్టి, నమూనా పోయించి, ఆమోదించి, మెషినింగ్ ఫిక్చర్లు కుదిర్చేసరికి శనివారం ఎప్పుడో దాటిపోతుంది. అలాగే లైన్ ఆగకముందే "లైన్ ఆగిపోయింది" అని రాయకండి. విజయవాడకూ జీడిమెట్లకూ మధ్య తిరిగే లారీ డ్రైవర్లు, పక్క షెడ్లవాళ్లు నిజం చెప్పేస్తారు. ఒకసారి అబద్ధమని తేలితే, నిజంగా ఆగిన రోజున మీ మాట ఎవరూ పట్టించుకోరు.

ముందు ఫోన్ చేసి యజమానితోనే మాట్లాడండి, డిస్పాచ్ చూసే అబ్బాయితో కాదు. మాట్లాడిన గంటలోపే మెయిల్ పంపండి. మెయిల్ యజమాని పేరుకే వెళ్లాలి, వాళ్ల ఉత్పత్తి చూసే వ్యక్తికి, మీ ప్లాంట్ అధిపతికి, మీ అకౌంట్స్ వారికి ప్రతి వెళ్లాలి. అకౌంట్స్ వారిని చేర్చడం వల్ల చెల్లింపు తేదీ మీ ఒక్కరి మాటగా మిగలకుండా ఉంటుంది. ఇద్దరూ తెలుగువారే కనుక తెలుగులో రాయడంలో తప్పు లేదు, అయితే ఆర్డరు నంబరు, పార్టు నంబరు ఆర్డరులో ఉన్నట్టే ఉంచండి. నేనైతే ఇలా రాస్తాను:

విషయం: పర్చేజ్ ఆర్డరు నం. (...), పంపు కేసింగ్ 1,200 – జనవరి 24 శనివారం ఉదయం మా లైన్ ఆగుతుంది – 180 కేసింగ్‌లు బుధవారం 21 రాత్రి బయలుదేరాలి

గౌరవనీయులైన ... గారికి,

నమస్కారం. ఈ ఉదయం ఫోన్‌లో మాట్లాడుకున్న విషయాలను రాతపూర్వకంగా తెలియజేస్తున్నాను.

పై ఆర్డరు ప్రకారం 1,200 కేసింగ్‌లు జనవరి 5న మాకు చేరవలసి ఉంది. ఈరోజు 19వ తేదీ ఉదయం వరకు ఒక్కటి కూడా రాలేదు. మా దగ్గర వాడకానికి పనికొచ్చేవి 315 ఉన్నాయి, రోజుకు 60 వాడుతున్నాము. 24వ తేదీ శనివారం ఉదయం షిఫ్టు మొదలైన రెండు గంటలకు ఇవి అయిపోయి ఈ పంపుల లైన్ ఆగుతుంది. వచ్చిన సరుకును పరీక్షించి లైన్‌కు ఇవ్వడానికి మాకు ఒకటిన్నర రోజు అవసరం.

అందువల్ల సరుకును మూడు విడతలుగా పంపవలసిందిగా కోరుతున్నాము. మొదటి విడతగా 180 కేసింగ్‌లు బుధవారం 21 రాత్రి మీ దగ్గర బయలుదేరి గురువారం 22 ఉదయానికి మాకు చేరాలి. రెండో విడతగా 360 కేసింగ్‌లు మంగళవారం 27 ఉదయానికి, మిగిలిన 660 సోమవారం ఫిబ్రవరి 2కు చేరాలి. మొదటి విడతకు పూర్తి లారీ కోసం ఆగవద్దు. బరువు సుమారు 1,080 కిలోలు కనుక పికప్ వ్యానులో పంపగలరు. ఆ వ్యాను కిరాయికీ మామూలు కిరాయికీ ఉన్న తేడాను ఎవరు భరించాలనేది తరువాత మాట్లాడుకుందాం, దాని వల్ల సరుకు ఆగకూడదు.

రేపు మంగళవారం 20 ఉదయం 11 గంటలలోపు ఈ వివరాలు తెలియజేయండి. ఈ ఆర్డరుకు సంబంధించి పోత పూర్తయినవి ఎన్ని, ఫెట్లింగ్ పూర్తయినవి ఎన్ని, మెషినింగ్ పూర్తయినవి ఎన్ని, ఒత్తిడి పరీక్షలో నెగ్గి పంపడానికి సిద్ధంగా ఉన్నవి ఎన్ని. బుధవారం రాత్రికి 180 సాధ్యం కాకపోతే, ఎన్ని సాధ్యమో, ఏ దశలో ఆగుతున్నాయో దాచకుండా చెప్పండి. పోత పూర్తయి మెషినింగ్ వద్ద ఆగి ఉంటే, మెషినింగ్ ఇక్కడ చేయించుకునే అవకాశాన్ని పరిశీలించడానికి మేము సిద్ధంగా ఉన్నాము.

ప్రతి కేసింగ్‌కూ ఒత్తిడి పరీక్ష ఎప్పటిలాగే జరగాలి. తొందర కారణంగా దాన్ని వదిలిపెట్టవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాము.

మీ నవంబరు బిల్లు రూ. 2,88,000 మా వద్ద పెండింగ్‌లో ఉన్న విషయం వాస్తవం. ఆ మొత్తాన్ని ... తేదీన మీ ఖాతాకు జమ చేస్తామని మా అకౌంట్స్ విభాగం తెలియజేసింది. ఈ చెల్లింపుకు పై సరుకుతో ఎలాంటి ముడి లేదు.

పైన కోరిన తేదీలు లైన్ ఆగకుండా చూసుకోవడానికి మాత్రమే. ఆర్డరులోని జనవరి 5 గడువు మారలేదు. ఆలస్యంగా వచ్చే సరుకును స్వీకరించినా, ఆర్డరు నిబంధనల ప్రకారం ఆలస్యానికి సంబంధించిన మా హక్కులు అలాగే ఉంటాయి.

మీ జవాబు కోసం రేపు 11 గంటల వరకు ఎదురుచూస్తాము. అప్పటికి స్పష్టత రాకపోతే మా ప్రతినిధి రేపు సాయంత్రానికి మీ ఫౌండ్రీకి వస్తారు. దయచేసి వారికి పని ఏ దశలో ఉందో చూపించగలరు.

భవదీయ,
(పేరు, హోదా, ఫోన్ నంబరు)

చివరి పేరాలో "ప్రతినిధి వస్తారు" అన్న మాట నిజంగా పంపగలిగితేనే ఉంచండి. అది బెదిరింపులా వినిపించదు, కానీ జరిమానా మాట కంటే బాగా పనిచేస్తుంది. మన మనిషి షెడ్డులో నిలబడి ఉన్నంతసేపు మన కేసింగ్‌లు మెషిను మీదినుంచి దిగవు. వెళ్లే వ్యక్తి ఆర్డరు ప్రతి, డ్రాయింగు ప్రతి తీసుకుని వెళ్లాలి, పోత పూర్తయిన ముక్కలను తానే లెక్కపెట్టాలి.

రేపు 11 గంటలకు వచ్చే జవాబును బట్టి దారులు వేరవుతాయి. అంకెలు వచ్చి, మెషినింగ్ అయినవి వంద దాటి ఉంటే కంగారు అక్కరలేదు. బుధవారం రాత్రి వాహనం నంబరు, లారీ రసీదు ఫోటో, ఈ-వే బిల్లు నంబరు అడగండి. సరుకు విలువ రూ. 50,000 దాటుతుంది కనుక ఈ-వే బిల్లు ఉండి తీరాలి. "లోడ్ అయింది సార్" అన్న మాట తరువాత గంటలో ఆ నంబరు రాకపోతే బండి ఇంకా బయలుదేరలేదనే అనుకోండి.

పోత, ఫెట్లింగ్ అయిపోయి మెషినింగ్ దగ్గర ఆగి ఉంటే, మీ చేతిలో మంచి అవకాశం ఉంది. జీడిమెట్ల నుంచి దగ్గరలోనే బాలానగర్‌లో మెషిన్ షాపులు ఎన్నో ఉన్నాయి. మంగళవారం రాత్రి 180 ముడి కాస్టింగులు బయలుదేరితే బుధవారం ఉదయానికి బాలానగర్ చేరతాయి. శనివారానికి కావలసింది 45 మాత్రమే కనుక, బుధ, గురువారాల్లో మొదటి 60 ముగించి ఒత్తిడి పరీక్ష చేయించుకుంటే శుక్రవారం ప్రైమర్‌కు వెళ్తాయి. మిగిలినవి మంగళవారం 27 నాటికి సిద్ధమైతే చాలు. అయితే కాస్టింగులు బయలుదేరే ముందే రెండు సంగతులు రాతలో తేల్చుకోవాలి. ఒకటి, రూ. 640లో మెషినింగ్‌కు ఎంత తగ్గిస్తారు. రెండోది, మెషిను మీద చర్మం తీసిన తరువాత లోపల బ్లోహోల్ బయటపడితే ఆ ముక్క ఖర్చూ, దాని మీద చేసిన మెషినింగ్ ఖర్చూ ఎవరివి. మొదటిది మరచిపోతే కొద్దిపాటి డబ్బుతో పోతుంది, రెండోది మరచిపోతే మూడు పక్షాల మధ్య తగాదా మొదలవుతుంది. ఇప్పటికే 25 అనుమానంతో పక్కన ఉన్నాయి కనుక మీ విషయంలో అది ఊహకు అందనిది కాదు.

పోత పనే ఇంకా మొదలు కాలేదని తేలితే, శనివారానికి ఆ ఫౌండ్రీ మీద ఆశ వదులుకోవాలి. అప్పుడు మీ పని మీ ఉత్పత్తి అధిపతితో. శనివారం, వచ్చే వారం మొదటి రోజుల్లో వేరే మోడల్ పంపులు నడిపించగలరా, ఆ 315లో అప్పటికి మిగిలినవాటిని అత్యవసరమైన ఆర్డర్లకే వాడగలరా అని చూడండి. పక్కన పెట్టిన 25కి ఒత్తిడి పరీక్ష మళ్లీ చేసి, మెషినింగ్ అయిన ముఖాలు చూసి, నెగ్గినవాటిని క్వాలిటీ విభాగం సంతకంతో విడుదల చేయవచ్చు. సంతకం లేకుండా, లైన్ ఆగుతుందన్న భయంతో వాడడం మాత్రం వద్దు. కారే కేసింగ్ పంపు బిగించాక చివరి పరీక్షలో దొరికితే మొత్తం విప్పవలసి వస్తుంది, రైతు బోరు దగ్గర దొరికితే అంతకంటే ఎక్కువ పోతుంది. ఫౌండ్రీతో మాత్రం ఆ రోజే పోత తేదీ, రోజుకు ఎన్ని పోస్తారో రాతలో తీసుకుని, రోజూ సాయంత్రం ఆ అంకెను అడగండి.

తొందరలో వచ్చే సరుకులో ఒత్తిడి పరీక్ష వదిలేసే అవకాశం ఎక్కువ, మెయిల్‌లో ఆ పేరా అందుకే పెట్టాను. మొదటి విడత గేటు దాటగానే ఒక పది ముక్కలు తీసి మీ దగ్గర నీటి ఒత్తిడి పెట్టి చూడండి. ఒక్కటి చెమర్చినా ఆ విడత మొత్తాన్ని పరీక్షించాలి. గురువారం ఉదయం సరుకు రావాలని నేను పట్టుబట్టడానికి ఈ పరీక్షకు పట్టే సమయం కూడా ఒక కారణం.

జవాబు అసలే రాకపోతే మరో మెయిల్ రాయకండి. 11 గంటలు దాటగానే ఫోన్ చేసి, మధ్యాహ్నానికే మనిషిని బయలుదేరదీయండి. దారి సుమారు 275 కిలోమీటర్లు, సాయంత్రానికి అక్కడ ఉంటారు, మంగళవారం రాత్రి షిఫ్టు మీకు దక్కుతుంది.

సరుకు మీ గేటులో దిగిన ప్రతిసారీ, స్వీకరణ పత్రం రాసిన రోజునే, రెండు వాక్యాల మెయిల్ మరొకటి పంపాలి: "ఆర్డరు నం. (...) కింద 180 కేసింగ్‌లు ఈరోజు 22వ తేదీన అందాయి. జనవరి 5 గడువు తరువాత అందిన ఈ సరుకును, ఆలస్యానికి సంబంధించి ఆర్డరులోని మా హక్కులను అలాగే ఉంచుకుంటూ స్వీకరిస్తున్నాము." 55వ సెక్షన్ అడిగే సూచన స్వీకరించే సమయంలో ఇచ్చేది కనుక, ఈరోజు పంపే మెయిల్‌లోని వాక్యం ఒక్కదానిమీద ఆధారపడకుండా మూడు విడతలకూ ఇది వేర్వేరుగా వెళ్లాలి. ఆ తరువాత కోత వేయాలా, ఎంత వేయాలా, సంబంధం దృష్ట్యా వదిలేయాలా అనేది ఫిబ్రవరి 2 దాటాక మీ మేనేజరు గారితో కూర్చుని తీరిగ్గా నిర్ణయించుకోవచ్చు.